సెల్‌లో టైప్ చేసిన అంకె కంటే ఎక్కువవి ఎన్ని? COUNTIF లో కోట్స్ ఎక్కడ మూయాలి

నాన్నకి కొత్త ఫోన్ కొనాలి. బడ్జెట్ 15,000. ఆయన అడిగింది ఒక్కటే: "బస్సులో వెళ్ళేటప్పుడు సినిమాలు చూస్తానురా, మధ్యలో చార్జింగ్ అయిపోకూడదు." ఫోన్ రివ్యూలు చదివే మనందరం చేసే పనే నేనూ చేశాను. ఎనిమిది ఫోన్లు ఎంచుకుని, ధర, బ్యాటరీ టెస్ట్ ఫలితం ఒక షీట్‌లో ఎక్కించాను. వీడియో ఆపకుండా ప్లే చేస్తే ఫుల్ చార్జ్ ఎన్ని గంటలు వచ్చిందన్నది C కాలమ్.

షీట్ ఇలా ఉంది. మోడల్ పేర్లు కావాలనే తీసేశాను, ధరలు ఎలాగూ వారం వారం మారుతుంటాయి. ఇక్కడ మనకి ముఖ్యం ఫార్ములా.

| వరుస | A: ఫోన్ | B: ధర | C: గంటలు |
|---|---|---|---|
| 2 | ఫోన్ 1 | 13499 | 14.5 |
| 3 | ఫోన్ 2 | 14999 | 17 |
| 4 | ఫోన్ 3 | 12999 | 15 |
| 5 | ఫోన్ 4 | 16499 | 18.5 |
| 6 | ఫోన్ 5 | 14499 | NA |
| 7 | ఫోన్ 6 | 11999 | 13 |
| 8 | ఫోన్ 7 | 15000 | 16 |
| 9 | ఫోన్ 8 | 13999 | 16.5 |

ఫోన్ 5 కి బ్యాటరీ టెస్ట్ ఎక్కడా దొరకలేదు, అందుకే NA అని రాశాను. ఈ NA ని గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

F1 లో 15 అని టైప్ చేశాను, అంటే 15 గంటలు దాటిన ఫోన్లు కావాలి. తర్వాత 14 కి తగ్గించినా, 16 కి పెంచినా F1 మారిస్తే చాలు, ఫార్ములా జోలికి వెళ్ళక్కర్లేదు అనుకున్నాను. ఈ ఫార్ములా కొట్టాను:

```
=COUNTIF(C2:C9,">F1")
```

జవాబు 1 అని వచ్చింది. ఎర్రర్ లేదు, ఎర్ర గీత లేదు. ఆ ఒక్కటీ 18.5 గంటలు వచ్చిన ఫోన్ 4 అయ్యుంటుందిలే అనుకున్నాను. "నాన్నా, ఒక్కటే పాసయింది, కానీ 16,499" అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "సరేలే, ఇంకో పదిహేను వందలు వేద్దాం" అన్నారు.

ఆర్డర్ పెట్టబోతుంటే చెల్లి వచ్చి, "అన్నయ్యా, 12 గంటలు వచ్చినా చాలు కదా, అప్పుడు ఎన్ని ఉంటాయి?" అని అడిగింది. F1 లో 12 పెట్టాను. మళ్ళీ 1. టేబుల్ చూస్తే టెస్ట్ ఉన్న ఏడు ఫోన్లూ 12 దాటినవే. అప్పుడు అర్థమైంది, ఫార్ములా F1 ని అసలు చూడటమే లేదని.

కోట్స్ లోపల ఉన్నది అడ్రస్ కాదు, అక్షరాలు

COUNTIF కి రెండు ఇవ్వాలి. మొదటిది ఎక్కడ లెక్కపెట్టాలో, రెండోది ఏ షరతు మీద లెక్కపెట్టాలో. ఈ షరతులో "కంటే ఎక్కువ" లాంటి గుర్తు ఉంటే, దాన్ని టెక్స్ట్ రూపంలోనే ఇవ్వాలి. అందుకే `">15"` అని కోట్స్‌లో రాస్తాం. COUNTIF ఆ టెక్స్ట్‌ని తీసుకుని, ముందున్న గుర్తుని విడదీసి, మిగిలినది అంకెలా ఉంటే అంకెగా పోలుస్తుంది.

కానీ కోట్స్ లోపల ఏం రాసినా అది రాసినట్టే ఉంటుంది. `">F1"` అంటే "F1 అనే సెల్‌లో ఉన్నదాని కంటే ఎక్కువ" అని కాదు, "F, 1 అనే రెండక్షరాల కంటే ఎక్కువ" అని. గుర్తు తీసేశాక మిగిలింది అంకె కాదు కాబట్టి, ఎక్సెల్ అక్షరాల వరుసలో పోలుస్తుంది. డిక్షనరీలో F1 తర్వాత వచ్చే టెక్స్ట్ ఏ సెల్స్‌లో ఉందో వెతుకుతుంది. అంకెలున్న సెల్స్‌ని ఈ పోలికలో లెక్కలోకే తీసుకోదు.

నా C కాలమ్‌లో టెక్స్ట్ ఉన్నది ఒక్కచోటే. NA. అక్షరమాలలో N అనేది F తర్వాతే వస్తుంది. అందుకే జవాబు 1. అంటే నా షీట్ "పాసయింది" అని చెప్పిన ఆ ఒక్క ఫోన్, అసలు టెస్టే దొరకని ఫోన్!

NA లేకపోయుంటే 0 వచ్చేది. ఎనిమిదింట్లో ఒక్కటీ లేదంటే అనుమానం వచ్చి అప్పుడే చూసుకునేవాడిని. 1 అనేసరికి నమ్మేశాను.

సరైన పద్ధతి: గుర్తు లోపల, సెల్ బయట

గుర్తు మాత్రం కోట్స్‌లో ఉంచి కోట్స్ మూసేయాలి. తర్వాత `&` పెట్టి, సెల్ అడ్రస్ బయట రాయాలి:

```
=COUNTIF(C2:C9,">"&F1)
```

`&` చేసే పని రెండింటిని అతికించడం. F1 లో 15 ఉంటే `">"&F1` అన్నది `>15` అనే టెక్స్ట్ అవుతుంది, COUNTIF కి చేరేది అదే. F1 లో 12 పెడితే `>12` చేరుతుంది. ఇప్పుడు F1 = 15 కి జవాబు 4 (ఫోన్ 2, 4, 7, 8). F1 = 12 కి 7.

గూగుల్ షీట్స్‌లోనూ, లిబ్రే ఆఫీస్ కాల్క్‌లోనూ ఇదే పద్ధతి. సగటు కంటే ఎక్కువ వచ్చినవి ఎన్ని అని అడగాలన్నా ఇంతే, `">"&AVERAGE(C2:C9)` అని సెల్ బదులు ఫార్ములాని అతికిస్తే చాలు.

కోట్స్ అసలు పెట్టకుండా `>F1` అని రాస్తే ఎక్సెల్ ఫార్ములాని ఒప్పుకోదు, వెంటనే తప్పని చెప్తుంది. ఫోన్‌లో నోట్స్ నుంచో వాట్సాప్ నుంచో ఫార్ములా కాపీ చేసినప్పుడు నిటారు కోట్స్ బదులు వంకర కోట్స్ వచ్చినా ఫార్ములా పని చేయదు. ఐఫోన్‌లో ఈ గొడవ ఎక్కువ. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో Smart Punctuation ఆఫ్ చేస్తే పోతుంది. ఈ రెండు తప్పులతో భయం లేదు, అవి కనిపిస్తాయి. `">F1"` మాత్రం కనిపించదు.

ఫార్ములా F1 ని చూస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

నేను ఇప్పుడు ఇలాంటి ప్రతి ఫార్ములాకీ రెండు చెక్‌లు చేస్తున్నాను. రెండూ కలిపి నిమిషం కూడా పట్టదు.

మొదటిది, షరతుని విడిగా చూడటం. ఖాళీగా ఉన్న ఏదో ఒక సెల్‌లో ఇది కొట్టండి:

```
=">"&F1
```

అక్కడ `>15` అని కనిపించాలి. COUNTIF చేతికి వెళ్తున్నది సరిగ్గా ఇదే. `>F1` అని కనిపించినా, ఒట్టి `>` మాత్రమే కనిపించినా సమస్య ఎక్కడుందో తెలిసిపోయినట్టే.

రెండోది, F1 ని రెండు చివరలకీ లాగి చూడటం. F1 లో 0 పెట్టండి. ఏ బ్యాటరీ అయినా సున్నా గంటల కంటే ఎక్కువే వస్తుంది కాబట్టి, జవాబు కాలమ్‌లో ఉన్న అంకెలన్నింటికీ సమానం కావాలి. ఆ సంఖ్యని `=COUNT(C2:C9)` చెప్తుంది, మన షీట్‌లో అది 7. తర్వాత F1 లో 100 పెట్టండి. జవాబు 0 రావాలి. F1 మార్చినా జవాబు కదలకపోతే ఫార్ములాకీ F1 కీ సంబంధం లేనట్టే. చెల్లి తెలియకుండానే నాతో చేయించింది ఈ చెక్కే.

సరిగ్గా 15 వచ్చిన ఫోన్ సంగతి?

ఫోన్ 3 కి సరిగ్గా 15 గంటలు వచ్చింది. `">"` దాన్ని వదిలేస్తుంది. నాన్న దృష్టిలో 15 గంటలు వస్తే పాసే కదా, కాబట్టి `">="` కావాలి. అప్పుడు జవాబు 4 కాదు, 5. `=` అనేది కూడా గుర్తులో భాగమే కాబట్టి అది కూడా కోట్స్ లోపలే ఉంటుంది.

ఇప్పుడు బడ్జెట్ కూడా కలుపుదాం. F2 లో 15000 టైప్ చేశాను. రెండు షరతులు ఒకేసారి కావాలంటే COUNTIFS:

```
=COUNTIFS(C2:C9,">="&F1,B2:B9,"<="&F2)
```

జవాబు 4: ఫోన్ 2, 3, 7, 8. ఇదే ఫార్ములాలో రెండు చోట్లా `=` మర్చిపోతే జవాబు 2 కి పడిపోతుంది. సరిగ్గా 15 గంటలు వచ్చిన ఫోన్ 3, సరిగ్గా 15,000 ఉన్న ఫోన్ 7 రెండూ జారిపోతాయి. అందుకే టైప్ చేసే ముందే "సరిగ్గా అంతే ఉంటే లోపలా, బయటా?" అని నిర్ణయించుకోవాలి. COUNTIFS లో రెండు రేంజ్‌లూ ఒకే సైజులో ఉండాలి. ఒకటి C2:C9, ఇంకోటి B2:B10 అయితే లెక్క బదులు #VALUE! వస్తుంది.

గుర్తు కూడా మాటిమాటికీ మార్చాలనుకుంటే దాన్ని కూడా సెల్‌లో పెట్టేయొచ్చు. E1 లో `>=` అని టైప్ చేసి, షరతు దగ్గర `E1&F1` అని రాస్తే సరిపోతుంది. ఇక్కడ కోట్స్ అక్కర్లేదు, సెల్‌లో ఉన్నది ముందే టెక్స్ట్ కాబట్టి. ఒట్టి `=` గుర్తు పెట్టాలంటే మాత్రం ముందు ఒక అపాస్ట్రఫీ పెట్టి `'=` అని టైప్ చేయాలి, లేకపోతే షీట్ దాన్ని కొత్త ఫార్ములా మొదలనుకుంటుంది.

కిందకి లాగినప్పుడు ఏం జరుగుతుంది

తర్వాత నాకు ఇంకో ఆలోచన వచ్చింది. ఒక్క హద్దు ఎందుకు, 13, 15, 17 గంటలకి విడివిడిగా ఎన్ని పాసవుతాయో పక్కపక్కనే చూద్దామని. H2, H3, H4 లలో ఆ మూడు అంకెలు పెట్టాను. I2 లో ఇది రాసి కిందకి లాగాను:

```
=COUNTIF(C2:C9,">="&H2)
```

7, 5, 1 అని వచ్చాయి. మొదటి రెండూ కరెక్ట్. మూడోది తప్పు. 17 గంటలు లేదా అంతకంటే ఎక్కువ వచ్చినవి రెండున్నాయి: 17 వచ్చిన ఫోన్ 2, 18.5 వచ్చిన ఫోన్ 4.

ఫార్ములాని ఒక వరుస కిందకి లాగితే అందులోని అడ్రస్‌లన్నీ ఒక్కో వరుస దిగుతాయి. H2 కాస్తా H3 అయింది, మనకి కావాల్సింది అదే. కానీ C2:C9 కూడా C3:C10 అయింది. మూడో ఫార్ములా దగ్గరికి వచ్చేసరికి రేంజ్ C4 దగ్గర మొదలై, పైనున్న ఫోన్ 1, ఫోన్ 2 లెక్కలోంచి పోయాయి. రెండో జవాబు సరిగ్గా రావడం కేవలం అదృష్టం. అక్కడ పోయిన ఫోన్ 1 కి వచ్చింది 14.5 గంటలు, ఎలాగూ 15 చేరదు.

అందుకని కదలకూడనిదానికి డాలర్ గుర్తు వేయాలి, కదలాల్సినదాన్ని వదిలేయాలి:

```
=COUNTIF($C$2:$C$9,">="&H2)
```

ఇప్పుడు 7, 5, 2. హద్దు ఒకే సెల్‌లో ఉండి, ఫార్ములాలు చాలా ఉన్నప్పుడు దీనికి రివర్స్. అప్పుడు `$F$1` అని హద్దుని కూడా లాక్ చేయాలి. కంప్యూటర్‌లో అడ్రస్ మీద కర్సర్ పెట్టి F4 నొక్కితే డాలర్ గుర్తులు వాటంతటవే పడతాయి. ఫోన్‌లో అయితే చేత్తో టైప్ చేసుకోవచ్చు.

గ్యాడ్జెట్ షీట్లలో అందరూ చేసే తప్పు: అంకె పక్కన యూనిట్

మనవాళ్ళ షీట్లలో "5000mAh", "16 గంటలు", "190g" అని సెల్‌లోనే రాసేయడం చాలా చూశాను. చదవడానికి బాగుంటుంది. కానీ షీట్ దృష్టిలో అది అంకె కాదు, టెక్స్ట్. COUNTIF లో "కంటే ఎక్కువ" షరతు అంకెతో పెట్టినప్పుడు ఆ సెల్స్ లెక్కలోకి రావు.

హద్దు ఉన్న సెల్‌లో ఇలా రాస్తే ఇంకా ప్రమాదం. F1 లో "15 గంటలు" అని టైప్ చేశామనుకోండి. `">="&F1` కాస్తా `>=15 గంటలు` అవుతుంది. గుర్తు తర్వాత ఉన్నది అంకె కాదు కాబట్టి మళ్ళీ అక్షరాల పోలికకి వెళ్ళిపోతుంది. అక్షరాలు అంకెల తర్వాత వస్తాయి కాబట్టి NA మళ్ళీ పాస్. ఫార్ములా నూటికి నూరు శాతం కరెక్ట్‌గా ఉన్నా జవాబు మళ్ళీ అదే తప్పు 1!

చిన్న విశేషం ఏంటంటే, హద్దు సెల్‌లో 15 టెక్స్ట్‌గా ఉన్నా పర్వాలేదు, ఎలాగూ `&` తో అతికించాక అంతా టెక్స్టే అవుతుంది, COUNTIF మళ్ళీ దాన్ని అంకెగా చదువుకుంటుంది. కానీ C కాలమ్‌లో ఉన్న 16 టెక్స్ట్ అయితే మాత్రం `>15` కింద లెక్కకి రాదు. వేరే యాప్ నుంచో వెబ్‌పేజీ నుంచో పేస్ట్ చేసిన డేటాలో ఇది తరచూ జరుగుతుంది. గుర్తుపట్టడం తేలిక: మీరు అలైన్‌మెంట్ మార్చకపోతే అంకెలు సెల్‌లో కుడివైపుకి, టెక్స్ట్ ఎడమవైపుకి ఉంటాయి. `=COUNT(C2:C9)` అంకెల్ని మాత్రమే, `=COUNTA(C2:C9)` ఖాళీ కాని సెల్స్ అన్నింటినీ లెక్కిస్తాయి. మన షీట్‌లో 7, 8. ఆ ఒక్క తేడా NA. మీ షీట్‌లో తేడా ఎందుకుందో చెప్పలేకపోతే అక్కడ ఆగి చూడాలి.

యూనిట్ కనిపించాలనుకుంటే పై హెడింగ్‌లో రాయండి. లేదా సెల్‌లో 15 మాత్రమే టైప్ చేసి, నంబర్ ఫార్మాట్‌లో కస్టమ్ తీసుకుని `0.0" గంటలు"` అని ఇవ్వండి. కంటికి "15.0 గంటలు" అని కనిపిస్తుంది, లోపల మాత్రం 15 అనే అంకె ఉంటుంది.

షీట్‌ని ఇంట్లోవాళ్ళకో ఫ్రెండ్స్‌కో ఇస్తున్నారంటే వాళ్ళు F1 ని ఖాళీగా వదిలేయొచ్చు, యూనిట్‌తో కలిపి రాసేయొచ్చు. రెండింటికీ ఒకే కాపలా:

```
=IF(ISNUMBER(F1),COUNTIF(C2:C9,">="&F1),"F1 లో అంకె మాత్రమే వేయండి")
```

సంఖ్య కాదు, పేర్లు కావాలంటే

ఎన్ని పాసయ్యాయో కాదు, ఏవి పాసయ్యాయో చూసి ఉంటే నేను మోసపోయేవాడిని కాదు. గూగుల్ షీట్స్‌లోనూ, ఎక్సెల్ 2021, మైక్రోసాఫ్ట్ 365 లోనూ FILTER ఉంది. దీనికి కోట్స్, `&` ఏవీ అక్కర్లేదు. COUNTIF లా షరతుని టెక్స్ట్‌గా తీసుకోదు కాబట్టి నేరుగా `C2:C9>=F1` అని రాస్తాం.

కానీ ఎక్సెల్‌లో ఇక్కడ కూడా NA కాచుకుని కూర్చుంటుంది. టెక్స్ట్‌ని అంకెతో నేరుగా పోలిస్తే ఎక్సెల్ ఎప్పుడూ టెక్స్టే పెద్దది అంటుంది. కాబట్టి NA కూడా 15 కంటే ఎక్కువై, ఐదు పేర్ల బదులు ఆరు వస్తాయి. దాన్ని ఇలా ఆపాలి:

```
=FILTER(A2:A9,ISNUMBER(C2:C9)*(C2:C9>=F1))
```

మధ్యలో ఉన్న గుణకారం గుర్తు "రెండూ నిజమైతేనే" అని అర్థం. ఇప్పుడు ఐదు పేర్లు వస్తాయి, COUNTIF చెప్పిన 5 తో సరిపోతుంది. రెండు వేర్వేరు దారుల్లో వెళ్ళి ఒకే జవాబు వచ్చిందంటే ధైర్యంగా నమ్మొచ్చు.

ఇంతకీ నాన్న ఏ ఫోన్ తీసుకున్నారంటారా? ఫార్ములా సరిచేశాక నాలుగు ఫోన్ల లిస్టు చూపించాను. 16.5 గంటలు వచ్చిన ఫోన్ 8 ని ఎంచుకున్నారు, 13,999. నేను చెప్పిన 16,499 ఫోన్ కంటే 2,500 తక్కువ. కోట్స్ రెండక్షరాల ముందే మూసి ఉంటే మొదటి రోజే తేలిపోయే లెక్క ఇది. "నీ బీటెక్‌తో నాకు ఇంకో పదిహేను వందలు ఖర్చు పెట్టించబోయావురా" అని ఇప్పటికీ అంటుంటారు. ఆ మాట నిజమే మరి.